ఉండ మంచు, మంచు మీగడ, మంచు పదును: 18 ఫిన్నిష్ మాటలతో నా డైరీ

నవంబర్ 23

తమ్ముడు ఉద్యోగానికని ఫిన్లాండ్‌లోని ఎస్పూకి వెళ్లి మూడు నెలలయింది. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో ఫోన్ కిటికీ వైపు తిప్పి "అమ్మా, మంచు పడుతోంది చూడు" అన్నాడు. అమ్మ జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లోనే ఉంటుంది. "ఇక్కడా పొద్దున్నే మంచు కురుస్తోంది నాయనా, తలకు గుడ్డ కట్టుకో" అంది. వాడు చూపించింది మోకాలి ఎత్తున నేల మీద పేరుకునే మంచు, ఆమె చెప్పింది పెన్న మీంచి తెల్లవారుజామున లేచే పొగమంచు. మాట మాత్రం ఒకటే.

తెలుగులో మంచు అన్న మాట గడ్డి మీది నీటి బొట్టుకీ, దారి కనపడనివ్వని తెల్లటి తెరకీ, హిమాలయాల మీద ఉన్నదానికీ, గట్టిగా అడిగితే ఫ్రిజ్‌లో ఉన్నదానికీ సరిపోతుంది. ఫిన్నిష్‌లో ఇవన్నీ వేర్వేరు మాటలు, ఒకదాని నుంచి ఒకటి పుట్టినవి కూడా కావు. ఎన్ని తేడాలు తెలుగులోకి వచ్చి బతుకుతాయో లెక్క వేసి చూడాలనిపించింది. లెక్క అంటే నిజంగా లెక్కే: ఒక మాటకు నేను పెట్టిన తెలుగు పేరు విని, ఆ పేరు ఏ రకం మంచుదో ఇంకొకరు పట్టుకోగలగాలి. పట్టుకుంటే ఆ తేడా బతికినట్టు, లేదంటే పోయినట్టు.

18 మాటలు తీసుకున్నాను. నేల మీదా గాల్లోనూ ఉండేవి తొమ్మిది: లుమి, హంకి, వితి, నువొస్క, ర్యాంత్యా, లొస్క, సొహ్యొ, కినొస్, త్యుక్కు. నీళ్ల మీద గడ్డకట్టేవి ఆరు: యా, రీతె, తెర్యాస్‌యా, కొహ్వ, రైలొ, అవంతొ. మిగిలిన మూడు కూర, హల్ల, హంకికంతొ. కూర అంటే గడ్డి మీదా కొమ్మల మీదా తెల్లగా పట్టే గడ్డకట్టిన మంచు. మన లిపిలో రాస్తే అచ్చం తినే కూరే, పలకడం కూడా దాదాపు అంతే.

ఫిన్నిష్‌ను తెలుగు అక్షరాల్లో రాయడం నేను అనుకున్నంత కష్టం కాలేదు. పొట్టి, పొడుగు అచ్చుల తేడా, ఒత్తు పడే హల్లు, పళ్లను తాకే త, ఇవన్నీ మనకు ఉన్నవే. బ్యాంకు అన్నప్పుడు పలికే ఆ అచ్చు కూడా వాళ్లకుంది, అందుకే వానలా తడిగా పడే మంచుకు ర్యాంత్యా అని రాశాను. త్యుక్కులో వచ్చే అచ్చుకు మాత్రం మన దగ్గర అక్షరం లేదు, దగ్గరగా రాసి వదిలేశాను.

డిసెంబర్ 7

మొదటి దఫా పేర్లు అయిపోయాయి. నిఘంటువులో అర్థం చూసి మంచు ముందు ఒక విశేషణం తగిలించుకుంటూ పోయాను: తాజా మంచు, తడి మంచు, కరిగిన మంచు, నీళ్లు కలిసిన మంచు, గట్టి మంచు. గంటన్నరలో 18 పూర్తయ్యాయి. అంత తొందరగా పూర్తవడమే అనుమానించాల్సిన సంగతి.

పరీక్ష కోసం తమ్ముడు ఫోటోలు పంపాడు, లేని వాటికి రెండు మూడు వాక్యాల్లో సందర్భం రాశాడు. అమ్మకు ఫోన్‌లో ఒక్కో ఫోటో చూపించి, వరస మార్చిన పేర్ల చీటీ చేతికిచ్చి, ఏది దేనిదో చెప్పమన్నాను. ఒకే పేరు రెండు సార్లు వాడొచ్చు, తెలియకపోతే వదిలేయొచ్చు. 18లో ఆరు కలిశాయి: ర్యాంత్యా, త్యుక్కు, కినొస్, రీతె, రైలొ, అవంతొ. అంటే చెట్ల మీది మంచు, మంచు కుప్ప, పగులు, రంధ్రం లాంటివి, చూడగానే ఆకారం తెలిసిపోయేవి. తడి, కరిగిన, నీళ్లు కలిసిన అన్న మూడూ ఆమెకు ఒకటే అయిపోయాయి. "మంచు కరిగితే తడే కదమ్మా, నీళ్లు కాక ఏం కలుస్తాయి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

డిసెంబర్ 14

ఒక తప్పు గట్టిగానే ప్రమాదకరంగా కనిపించింది, దాని గురించి వివరంగా రాసుకోవాలి.

తెర్యాస్‌యా అంటే ఉక్కు ఐసు అని అక్షరాలా అర్థం. చెరువు నీళ్లు గాలి లేని చలి రాత్రుల్లో పైనుంచి కిందికి నెమ్మదిగా గడ్డకడితే అది పుడుతుంది. అద్దంలా ఉంటుంది, కింద చెరువు చీకటి కనపడటం వల్ల పైకి నల్లగా కనిపిస్తుంది. కొహ్వ పుట్టుక వేరు. గడ్డకట్టిన చెరువు మీద బాగా మంచు పడితే ఆ బరువుకు ఐసు కిందికి కుంగుతుంది, పగుళ్లలోంచి నీళ్లు పైకి వచ్చి ఆ మంచును నానబెడతాయి, ఆ నానినదంతా మళ్లీ గడ్డకడుతుంది. లోపల గాలి బుడగలు ఉంటాయి కాబట్టి తెల్లగా ఉంటుంది. ఫిన్లాండ్‌లో జనానికి చెప్పే లెక్క ఏమిటంటే ఒక మనిషి నడవాలంటే తెర్యాస్‌యా కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలి, కొహ్వ అయితే దాని బలం దాదాపు సగమే.

నేను వీటికి గట్టి మంచుగడ్డ, తెల్ల మంచుగడ్డ అని పేర్లు పెట్టాను. అమ్మ రెండు ఫోటోలు చూసి తెల్లగా మందంగా ఉన్నదాన్ని గట్టిది అంది, నల్లటి దాన్ని చూసి అది నీళ్లే కదా అంది. ఎవరైనా అంతే అంటారు, మన కంటికి తెల్లనిదే గట్టిగా కనిపిస్తుంది. నేను పెట్టిన పేరు రంగు చెప్పింది, నమ్మొచ్చో లేదో చెప్పలేదు. ఆ పేరు పట్టుకుని ఎవరైనా చెరువు మీద కాలు పెడితే మునుగుతారు.

అప్పుడు అర్థమైంది. ఫిన్నిష్ మాటలు మంచు ఎలా ఉందో చెప్పడం కంటే, అది ఎలా పుట్టింది, దానితో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నదాన్ని ఎక్కువగా పట్టుకుని ఉన్నాయి. అలాంటి మాటలు మన దగ్గర బోలెడున్నాయి, కాకపోతే మంచుకు కాదు. బురదకు, ఇసుకకు, పాలకు, పిండికి, ఎండిన చెరువుకు ఉన్నాయి. అవే తెచ్చి ఇక్కడ పెట్టాలి.

కొహ్వకు ఇప్పుడు గుల్ల గడ్డ అని పెట్టాను. గుల్ల అనగానే లోపల ఖాళీ ఉందనీ, బరువు పెడితే నలుగుతుందనీ ఎవరికైనా అనిపిస్తుంది. తెర్యాస్‌యాకు ఉక్కు గడ్డ. యా అన్న అసలు మాటకు మంచుగడ్డ తీసేసి ఐసు అనే పెట్టాను, ఎందుకంటే మా ఇంట్లో ఫ్రిజ్ తెరిచి మంచుగడ్డ తెమ్మని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

డిసెంబర్ 28

రెండో దఫా పేర్లన్నీ అమ్మతో కూర్చుని పెట్టలేదు, పెడితే పరీక్ష చెడిపోతుంది. కానీ సంక్రాంతికి ముందే నువ్వుండలు కడదామని పిలిస్తే ఊరికి వెళ్లాను, అక్కడ ఒకటి దానంతట అదే దొరికింది. బెల్లం పాకం తక్కువైతే నువ్వులు పిడికిట్లోంచి రాలిపోతాయి, ఎక్కువైతే జిగట పట్టుకుంటాయి, సరిగ్గా ఉంటే ఉండ నిలబడుతుంది.

నువొస్క అచ్చంగా ఇదే. వాతావరణం సున్నాకు దగ్గరగా ఉంటే మంచు రేణువుల మధ్య సన్నటి నీటి పొర ఉంటుంది, పిడికిట్లో నొక్కితే అది అతుక్కుని ఉండ అవుతుంది. అక్కడి పిల్లలు మంచు బొమ్మ చేసేది ఆ రోజే. మైనస్ 15లో పడిన కొత్త మంచు వితి, అది పొడిగా ఉంటుంది, ఎంత నొక్కినా రాలిపోతుంది, ఊదితే ఎగిరిపోతుంది. అందుకే నువొస్క ఉండ మంచు, వితి పిండి మంచు. పిడికిలి బిగించి చూస్తే చాలు, థర్మామీటర్ అక్కర్లేదు.

ఇంకొన్ని పేర్లు ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. రీతె అంటే గాలి లేని చలి రాత్రి నీటి మీద మొట్టమొదట కట్టే పలచటి పొర. కాచిన పాలు చల్లారితే పైన కట్టేదానికి మనకు మాట ఉంది కదా, మంచు మీగడ. గాలికి కొట్టుకొచ్చి గోడ పక్కనా కంచె పక్కనా పేరుకునే కినొస్‌కు కుప్ప అని పెట్టడం తప్పు, కుప్ప మనిషి పోసేది. గాలి, వరద పోసేది మేట. పెన్న ఒడ్డున పొలాల్లో ఇసుక మేట వేసిన సంగతి మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. గడ్డకట్టిన చెరువులో చేపల కోసమో ఈత కోసమో నీళ్ల కోసమో కోసే రంధ్రం అవంతొ. ఎండిపోయిన ఏట్లో ఇసుక తవ్వి నీళ్లు తీసుకునే గుంటను చెలమ అంటాం, పైనున్న దాన్ని తవ్వి కిందున్న నీటిని అందుకోవడం రెండు చోట్లా ఒకటే పని. రైలొకు నెర్రె. బరువుకు కొమ్మలు వంగి విరిగేంతగా చెట్లకు మంచు పట్టే త్యుక్కుకు విరగకాపు మంచు అని పెట్టాను. అయితే మన విరగకాపు సంతోషపడే మాట, అక్కడ కూసమో అడవుల్లో త్యుక్కు చెట్ల తలలు విరిచేస్తుంది. ఆ బాధ ఈ పేరులో రాలేదు, అది తెలిసే పెట్టాను.

ఇప్పటికి ఫైలు ఇలా ఉంది, అన్నీ పెట్టడం లేదు:

```
fi,te_v1,te_v2
nuoska,తడి మంచు,ఉండ మంచు
viti,తాజా మంచు,పిండి మంచు
loska,కరిగిన మంచు,మంచు రొచ్చు
sohjo,నీళ్లు కలిసిన మంచు,మంచు జావ
riite,పలుచటి మంచుగడ్డ,మంచు మీగడ
kohva,తెల్ల మంచుగడ్డ,గుల్ల గడ్డ
avanto,రంధ్రం,మంచు చెలమ
hankikanto,గట్టి మంచు,
```

చివరి వరస ఖాళీగానే ఉంది.

జనవరి 11

ఒక పొరపాటు దిద్దుకున్నాను. ఫోటో దొరకని మాటలకు సందర్భం ఈసారి నేనే రాశాను. "పిడికిట్లో నొక్కితే ఉండ అవుతుంది" అని రాసి, దానికి ఉండ మంచు అన్న పేరు కలిపితే గెలిచానని ఎలా అనుకుంటాను? పేరులోని మాటే ప్రశ్నలో ఉంది. ఆ కాగితాలు పక్కన పడేసి, నా కొత్త పేర్లు చూడని తమ్ముడితో మళ్లీ రాయించాను. వాడు నువొస్కకు రాసింది ఇది: "నిన్నటి దాకా ఆడుకోవడానికి పనికిరాలేదు, ఈరోజు పిల్లలు బొమ్మ చేస్తున్నారు, గ్లవ్స్ తడిసిపోతున్నాయి."

జనవరి 18

హంకికంతొ దగ్గర రెండు వారాలు ఆగిపోయాను. ఆగడం మంచిదే అయింది.

హంకి అంటే నేలంతా పరుచుకున్న మంచు, దాని మీద నడుస్తాం, స్కీ చేస్తాం. అంటే పదార్థం పేరు కాదు, చోటు పేరు. దానికి మంచు బయలు అని పెట్టాను. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, బయట ఉంటే కొర్రులా బిగుసుకుపోతారని దానికి అర్థం చెబుతారు. ఆ బయలే నాకు ఈ మాట ఇచ్చింది.

కంతొ అంటే మోయడం. మార్చి, ఏప్రిల్‌లో పగలు ఎండకు మంచు పైపొర కరుగుతుంది, రాత్రి మళ్లీ గడ్డకట్టి అట్టలా తయారవుతుంది. పొద్దున అది మనిషిని మోస్తుంది. చలికాలమంతా తొడల దాకా దిగబడిన పొలాల మీద ఎటు కావాలంటే అటు నేరుగా నడిచి వెళ్లొచ్చు. మధ్యాహ్నానికి పైపొర మెత్తబడి కాలు దిగిపోతుంది. ఆ కొద్ది గంటల పేరే హంకికంతొ.

"కాలు దిగని మంచు" అని మొదట అనుకున్నాను. తప్పేం కాదు, కానీ అది మంచు రకం పేరులా ఉంది. ఇది రకం కాదు, ఒక స్థితి, దానికి వేళ ఉంది, అది దాటిపోతుంది. అమ్మతో ఫోన్‌లో మంచు మాట ఎత్తకుండా వేరే సంగతి అడిగాను: వాన పడ్డాక నేల దున్నడానికి సరిగ్గా ఉన్న సమయాన్ని ఏమంటావు అని. "పదును" అంది. "రెండు రోజులుంటుంది, దాటితే గడ్డలు లేస్తాయి, ముందే దిగితే బురద."

పదును! నేల స్థితి, దానిలోనే వేళ, అది దాటిపోతుందన్న తొందర, అన్నీ ఒక్క మాటలో ఉన్నాయి. హంకికంతొ మంచు పదును. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేరు ఇదే.

ఫిబ్రవరి 1

అమ్మకు రెండో పరీక్ష. 18లో 14 కలిశాయి.

కలవనివి నాలుగు. లుమి, కూర ఒకదానికొకటి మారిపోయాయి. నేను కూరకు ఉప్పు మంచు అని, లుమికి వట్టి మంచు అని పెట్టాను. అమ్మ గడ్డి మీద తెల్లగా మెరుస్తున్న కూర ఫోటో చూసి "ఇదే కదా మంచు" అంది. గడ్డి మీద పొద్దున కనపడేది కాబట్టి ఆమెకు అదే అసలు మంచు. మూరెడు లోతున పడినదాన్ని చూసి ఉప్పు కొఠారులా ఉందని ఉప్పు మంచు అంది. ఆమె భాషలో ఆమెదే సరైన జవాబు.

లొస్క, సొహ్యొ కూడా మారిపోయాయి. లొస్క ఊళ్లో బళ్ల కింద నలిగి, మట్టీ ఉప్పూ కలిసి, బూట్లు పాడుచేసే మురికి ముద్ద, అందుకే రొచ్చు. సొహ్యొ నీళ్లూ ఐసు ముక్కలూ కలిసిన చిక్కటి కలగలుపు, రోడ్డు మీదా ఉండొచ్చు, చెరువులో శుభ్రంగానూ ఉండొచ్చు, అందుకే జావ. పేర్లు బాగానే ఉన్నాయనుకున్నాను. తమ్ముడు ఆ రెండు ఫోటోలూ ఆఫీసులో తన పక్క సీట్లో కూర్చునే ఇద్దరు ఫిన్నిష్ వాళ్లకు చూపించాడు. ఒకరు లొస్క అన్నదాన్నే ఇంకొకరు సొహ్యొ అన్నారట. వాళ్లకే గీత గట్టిగా లేని చోట తెలుగు ఓడిపోయిందని లెక్క రాయడం న్యాయం కాదు. అలాగని కలిసిందని కూడా రాయలేను, ఆ రెండూ పోయినట్టే ఉంచి పక్కన ఒక గుర్తు పెట్టాను.

హల్ల కలిసింది కానీ దాన్ని నేను లెక్కలోంచి తీసేశాను. హల్ల అంటే పైరు పొలంలో ఉండగా, ఎండాకాలంలోనో కోతల ముందో, ఒక రాత్రి చలి సున్నా కిందికి దిగి పంటను చంపేయడం. 1867 సెప్టెంబర్ మొదట్లో పడిన హల్లతో ఫిన్లాండ్‌లో పంట పోయింది, ఆ దేశపు చివరి పెద్ద కరువు అప్పటిదే. నేను దానికి "పైరును మాడ్చే రాత్రి చలి" అని రాశాను. అది పేరు కాదు, వివరణ. వివరణ ఇస్తే ఏదైనా అర్థమవుతుంది. కాబట్టి అమ్మ లెక్క 13.

ఫిబ్రవరి 22

ఫిన్లాండ్ ఉత్తరాన రెయిన్‌డీర్ కాసే సామీ వాళ్ల మాటలు నాలుగు చేర్చి చూశాను, ఉత్తర సామీ భాషవి. వహ్చ కొత్తగా పడిన వదులు మంచు. చెయర్గ గాలి కొట్టి కొట్టి గట్టిపడినది. సెయఙాష్ అడుగున రవ్వలా విడివిడిగా ఉండేది. చువొఙు మనిషినీ పశువునీ మోసే పైపొర, అంటే హంకికంతొకు దగ్గరిది. వహ్చలోనూ చువొఙులోనూ ఉన్నది చలి, చాప అన్నప్పుడు మనం పలికే చ. బడిలో దిద్ది మళ్లీ ఎప్పుడూ వాడని ఙ కూడా రెండు చోట్ల పనికొచ్చింది, రాస్తుంటే చాలా సంతోషమేసింది.

పేర్లు తేలిగ్గానే వచ్చాయి, రవ్వ మంచు అయితే వెంటనే తట్టింది. కానీ ఇక్కడ అసలు తేడా మంచులో లేదు, మేతలో ఉంది. రెయిన్‌డీర్ కాలి గిట్టతో మంచు తవ్వి కింద ఉన్న నాచులాంటి మేత తింటుంది. అడుగున రవ్వలా ఉంటే తవ్వడం సులువు, చెయర్గ అయితే కష్టం, మధ్యలో ఐసు పొర కడితే మేత కిందే ఉన్నా నోటికి అందదు. అలాంటి చెడ్డ చలికాలానికి గోవ్వి అని వేరే పేరుంది. దానికి నేను కరువు అని పెట్టాను. మా వైపు మేత లేక పశువులను తోలుకుపోయి అమ్ముకున్నవాళ్లు ఈ మాటను ఒక్క క్షణంలో పట్టుకుంటారు. కాకపోతే మన కరువులో మేత ఉండదు, అక్కడ మేత ఉంటుంది, మధ్యలో మంచు తాళం వేస్తుంది. ఈ నాలుగింటినీ 18 లెక్కలో కలపలేదు.

మార్చి 15

రెండో మనిషికి పరీక్ష. నాతో పనిచేసే స్నేహితురాలు, పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనే. 18లో 13 కలిశాయి, హల్ల తీసేస్తే 12. అంకె అమ్మకు దగ్గరగా ఉంది కానీ పోయిన మాటలు వేరు.

లుమి, కూర ఆమె ఇట్టే పట్టేసింది, మంచు అంటే ఆమె కళ్ల ముందుకు వచ్చేది టీవీలో చూసిన కశ్మీర్. చెలమ అన్న మాట ఎప్పుడూ వినలేదట, మేట కూడా తెలియదు, ఆ రెండూ ఖాళీగా వదిలేసింది. లొస్క, సొహ్యొ ఆమెకూ మారిపోయాయి. ఇక పగిలిన ఐసు అంచు కనిపించే రైలొ ఫోటోకు నెర్రె సరిగ్గానే పెట్టి, మంచు పదునును కూడా తీసుకెళ్లి దానికే ఇచ్చింది. "కత్తి పదును కదా, కోసుకుపోతుందని" అంది. నేల పదును ఆమె వినలేదు. నాకు ఇష్టమైన పేరే నగరంలో అర్థం కాలేదు, బాధగానే ఉంది.

ఇద్దరికీ కలిసినవి 10: హంకి, వితి, నువొస్క, ర్యాంత్యా, త్యుక్కు, యా, రీతె, తెర్యాస్‌యా, కొహ్వ, రైలొ. హల్ల తీసేసిన 17లో ఇది లెక్క. అమ్మకు మాత్రమే చేరినవి హంకికంతొ, అవంతొ, కినొస్. స్నేహితురాలికి మాత్రమే చేరినవి లుమి, కూర. ఎవరికీ చేరనివి లొస్క, సొహ్యొ. వంటింటి మాటలతో పెట్టినవన్నీ ఇద్దరికీ చేరాయి, జావ, ఉప్పు తప్ప. ఏటి మాటలు, పొలం మాటలతో పెట్టినవాటిలో మేట, చెలమ, పదును వాటితో బతికిన మనిషికే చేరాయి. చెలమకు బదులు మంచు బావి అని మారిస్తే నగరంలో తేలిగ్గా తెలుస్తుంది, కానీ బావికి గట్టూ గిలకా ఉంటాయి, చెలమ చేత్తో తవ్వుకునేది, కాసేపటికి పూడిపోయేది. అవంతొ కూడా కదిలించకపోతే రాత్రికి రాత్రే మూసుకుపోతుంది. మార్చలేదు.

మార్చి 29

తమ్ముడు ఊరి బయట పొలాల పక్క నుంచి ఫోన్ చేశాడు, అక్కడ ఉదయం ఎనిమిది. వారం రోజులుగా పగలు ఎండ, రాత్రి మైనస్ 6, 7. కంచె దాటి పొలంలోకి దిగి కెమెరా కాళ్ల వైపు పెట్టి నడిచాడు, బూటు గుర్తు కూడా సరిగ్గా పడలేదు. కరకర మని శబ్దం మాత్రం వినిపించింది.

"అమ్మా, మంచు పదునులో ఉంది" అన్నాడు.

"ఎంతసేపుంటుంది రా?"

"పది, పదిన్నర దాకా. తర్వాత దిగబడతాం."

"అయితే ఫోన్ పెట్టేసి తొందరగా ఆ గట్టుకు చేరుకో" అంది అమ్మ.

ఫైలులో `hankikanto` వరస ఖాయం చేశాను. `lumi` వరసలో ఇంకా వట్టి మంచు అనే ఉంది.